తెరిచిన పేజీలో మొదటి అక్షరం

(మా కాలనీ గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతావన్నీ అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. సత్ శ్రీ అకాల్. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

సెక్రటరీ గారు ఫోన్ చేసి, సిక్కు మతం గురించి ఒక గంట మాట్లాడండి అన్నారు. గంటలో మతం గురించి చెప్పలేను సార్, ఒక్క అక్షరం గురించి చెప్తాను అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, సరే మీ ఇష్టం అన్నారు. కాబట్టి ఇవాళ ఒక్క అక్షరం. పిల్లకి పేరు పెట్టేటప్పుడు గురు గ్రంథ్ సాహిబ్ తెరిస్తే వచ్చే మొదటి అక్షరం.

ముందు నా తెలుగు సంగతి. ఈ తలపాగా చూసి మీలో కొందరు నేను హిందీలో మాట్లాడతాననుకున్నారు, నాకు తెలుసు. నిజాం దగ్గర చందూలాల్ దివాన్‌గా ఉన్న రోజుల్లో మహారాజా రంజిత్ సింగ్ రాజ్యం నుంచి సిక్కు సిపాయిలు హైదరాబాదుకి వచ్చారు. అత్తాపూర్ వైపు బరంబాలా దగ్గర ఉన్న సిక్ ఛావనీ వాళ్ల చోటే. మేం వాళ్ల వారసులం. ఇంట్లో పంజాబీ, బజార్లో ఉర్దూ, బడిలో తెలుగు. మా వైపు మమ్మల్ని దక్కనీ సిక్కులంటారు. చాలా ఏళ్లు ఒక చిన్న గురుద్వారాలో గ్రంథీగా సేవ చేశాను. గ్రంథీ అంటే పూజారి కాదు, గ్రంథం ముందు కూర్చుని చదివేవాడు. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మీ ఇళ్లలో బారసాల ఎలా జరుగుతుందో నాకు తెలుసు, బోలెడన్ని భోజనాలు చేశాను. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో. పుట్టిన టైము చూస్తారు, నక్షత్రం, పాదం. అశ్విని అయితే చూ, చే, చో, లా. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు. మరి మాకు? మాకు కూడా అక్షరమే. కానీ పుట్టిన టైముతో సంబంధం లేదు, నక్షత్రంతో సంబంధం లేదు. ఎన్నో రోజున అనే లెక్క కూడా లేదు. మా నియమావళిని రెహత్ మర్యాదా అంటాం, 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఆమోదించింది. అందులో ఏముందంటే, తల్లి లేచి తిరగగలిగి, స్నానం చేయగలిగిన తర్వాత గురుద్వారాకి వెళ్లాలి. ఎన్ని రోజులు పట్టినా సరే. రోజుల లెక్క తల్లి ఒంటిని బట్టి. అంతే.

మరి పురుడు? పురుడు మాకు లేదు. లేదు అంటే ఊరికే వదిలేయడం కాదు, గట్టిగా కాదన్నారు. ఆసా దీ వార్ అనే రచనలో గురు నానక్ ఏమంటారంటే, మైల అని ఒప్పుకుంటే అన్నిటిలోనూ మైలే, పేడలో పురుగుంది, కట్టెలో పురుగుంది, ధాన్యంలో ప్రాణం లేని గింజ ఒక్కటీ లేదు, ఇక వంటింటికి మైల రాకుండా ఎలా ఆపుతావు? ఎంత సూటి ప్రశ్నో చూడండి. కాబట్టి బాలింత చేతి నీళ్లు తాగకూడదు అనేది మా ఇంట్లో చెల్లదు. చెల్లదు అన్నానే గానీ, మా నానమ్మ మాత్రం పాటించేది. అది వేరే విషయం.

ఇప్పుడు గురుద్వారాలోకి వద్దాం. మా మనవరాలి సంగతే చెప్తాను, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఆ రోజు నేను గ్రంథీని కాదు, తాతని. సంగత్‌లో అందరితో పాటు కింద కూర్చున్నాను. సంగత్ అంటే అక్కడ కూడిన జనం.

పిల్లని ఎత్తుకుని మా కోడలు వచ్చింది. అందరూ గ్రంథం ముందు తల నేలకి ఆనించి మొక్కారు. కుటుంబం తరఫున ఒక రుమాలా సమర్పించారు. రుమాలా అంటే గ్రంథాన్ని కప్పే జరీ బట్ట. ఒక మాట పక్కన చెప్తాను. ఆ రుమాలాతో పిల్లకి చొక్కా కుట్టించకూడదని రెహత్ మర్యాదాలో ప్రత్యేకంగా రాశారు. ఎందుకు రాశారు? జనం కుట్టించారు కాబట్టి రాశారు!

తర్వాత రెండు మూడు శబ్దాలు పాడారు. శబ్దం అంటే మా గ్రంథంలో కీర్తన. ఈ సందర్భానికి పాడేవాటిలో ఒకటి "పర్‌మేసర్ దితా బంనా". ఇంకొకటి "సత్‌గుర్ సాచై దీయా భేజ్". నిజమైన సద్గురువు పంపించాడు అని అర్థం. ఎవర్ని? పిల్లవాణ్ణి. రెండూ ఐదో గురువు అర్జన్ దేవ్ రచనలే.

ఆ తర్వాతే హుకమ్. గ్రంథం తెరవడం. అసలు విషయం ఇదే, ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తాను.

మా గ్రంథంలో 1430 పేజీలు. పేజీ అనం, అంగ్ అంటాం. అంగం. ఎందుకంటే ఇది మాకు పుస్తకం కాదు, గురువు. 1708లో నాందేడ్‌లో పదో గురువు గోబింద్ సింగ్, తన తర్వాత మనిషి గురువు ఉండడు, గ్రంథమే గురువు అన్నారు. నాందేడ్ ఎక్కడో దూరం కాదండీ, 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. సరే, గురువు ముందు నిలబడి మనం ఏం చేస్తాం? ఆజ్ఞ అడుగుతాం. హుకమ్ అంటే ఆజ్ఞ. ఉర్దూ తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

గ్రంథీ రెండు చేతులతో గ్రంథాన్ని మెల్లిగా తెరుస్తాడు. ఎక్కడ తెరుచుకుంటే అక్కడే. వెతకడు. నాలుగు పేజీలు తిప్పి మంచి శబ్దం చూడడు. ఆయన చేతికి ఎడమ వైపున్న పేజీ, దాని పైభాగం. అక్కడున్న శబ్దం. ఇంతవరకూ అందరికీ తెలుసు. పొరపాట్లు దీని తర్వాతే జరుగుతాయి.

మొదటిది. ఎడమ పేజీ పైన ఉన్న మొదటి ముక్క శబ్దం మొదలు కాకపోవచ్చు. ముందు పేజీలో మొదలైన శబ్దం తోక ఇక్కడ ఉంటుంది. చాలాసార్లు అలాగే ఉంటుంది. అప్పుడు ఏం చేయాలి? ఒక పేజీ వెనక్కి తిప్పి, ఆ శబ్దం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి చదవాలి. అంటే అక్షరం తెరిచిన పేజీలో ఉండకపోవచ్చు, దాని వెనక పేజీలో ఉండొచ్చు. దగ్గర కూర్చున్న బంధువులు తొంగి చూసి, "ఆ పేజీలో పైన 'త' ఉంది కదా, ఈయన 'మ' అంటాడేంటి" అని గుసగుసలాడతారు. ఆయన చెప్పిందే సరి. శబ్దాన్ని మధ్యలో పట్టుకోం. మీరైనా పద్యాన్ని మూడో పాదం నుంచి చదువుతారా?

రెండోది. ఇది మా ఇంట్లోనే జరిగింది. మనవరాలి రోజున వచ్చింది సూహీ రాగంలో శబ్దం. గ్రంథీ గారు ముందు శీర్షిక చదివారు. "సూహీ మహలా పంజవాఁ." రాగం సూహీ, రాసింది ఐదో గురువు అని. పంజవాఁ అంటే ఐదో. అంతే, వెనక కూర్చున్న మా వియ్యపురాలు 'స' వచ్చిందని ఫోన్లో టైపు చేసేసింది. లుధియానా దాకా వెళ్లిపోయింది 'స'. ఆయన చదువుతున్నారు ఇంకా. "జిస్ కే సిర్ ఊపర్ తూఁ సుఆమీ, సో దుఖ్ కైసా పావై." ఎవరి తల మీద నువ్వున్నావో స్వామీ, వాళ్లకి దుఃఖం ఎలా కలుగుతుంది? మొదటి మాట 'జిస్'. అక్షరం 'జ'. రాగం పేరు, మహలా, పైన ఉండే మంగళాచరణం, ఇవేవీ లెక్కలోకి రావు. శబ్దంలో మొదటి మాట, ఆ మాటలో మొదటి అక్షరం. మళ్లీ చెప్తున్నాను, శీర్షిక కాదు, శబ్దం. ఇంకో తమాషా ఏంటంటే, వార్ అనే రచనలు వచ్చినప్పుడు ముందు "సలోక్" అని శీర్షిక ఉంటుంది. అదీ 'స'యే! ఆ లెక్కన పోతే సగం పంజాబ్‌కి 'స' పేర్లే ఉండాలి.

లుధియానాలో అప్పటికే సిమ్రన్ అని నిర్ణయించేశారు. మళ్లీ ఫోన్ చేసి చెప్పడానికి ఆవిడకి చాలా మొహమాటం అయింది పాపం.

మూడోది చెవితో వచ్చే పొరపాటు. ఇది తెలుగువాళ్లకి బాగా పనికొస్తుంది. మనం 'భ' అంటే భ అనే పలుకుతాం, కనీసం బడిలో. పంజాబీ వాళ్లు మాట మొదట్లో 'భ' వస్తే అలా పలకరు. 'ప' లాగా పలికి, గొంతు కిందకి దించుతారు. భాయీ అనేది మీ చెవికి 'పాయీ' అన్నట్టు వినిపిస్తుంది. 'ఘ' వస్తే 'క' లాగా, 'ధ' వస్తే 'త' లాగా. పంజాబీలో స్వరం ఎత్తూ పల్లమూ కూడా అర్థాన్ని మారుస్తుంది. కాబట్టి హుకమ్ విని అక్షరం రాసుకునేవాళ్లు చెవిని నమ్మొద్దు. గ్రంథీని అడగండి, కాగితం మీద గురుముఖీలో రాసిస్తారు.

గురుముఖీ గురించి ఒక్క నిమిషం. అక్షరాలు 35, అందుకే పైంతీ అంటారు. పైంతీ అంటే ముప్పై ఐదే. అందులో మొదటి మూడు అచ్చులకి పీటల్లాంటివి. ఊడా, ఐడా, ఈడీ. ఊడా మీద ఉ, ఊ, ఓ కూర్చుంటాయి. ఐడా మీద అ, ఆ, ఐ, ఔ. ఈడీ మీద ఇ, ఈ, ఏ. తెలుగులో ఇ వేరు, ఏ వేరు, రూపమే వేరు. అక్కడ రెండూ ఒకే పీట. శబ్దం 'ఏక్' అనే మాటతో మొదలైందనుకోండి. అక్షరం ఈడీ. అప్పుడు ఏకమ్ అని పెట్టుకోవచ్చు, ఇందర్‌జీత్ అని కూడా పెట్టుకోవచ్చు. ఏ నుంచి ఇ ఎలా వచ్చింది అని మీరు అడుగుతారు. పీట ఒకటే కాబట్టి!

ముందు వరసలో అమ్మ చెయ్యెత్తారు. అడగండమ్మా. ఆ... శబ్దంలో చెడు మాట వస్తే ఎలా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. గ్రంథీగా ఉన్నప్పుడు నన్ను ఎక్కువమంది నానమ్మలు, అమ్మమ్మలు అడిగింది ఇదే.

గ్రంథం చివర్లో తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ సలోకాలున్నాయి. మొదటిది ఎలా మొదలవుతుందో చెప్తాను. "గున్ గోబింద్ గాయో నహీ, జనమ్ అకారథ్ కీన్." గోవిందుడి గుణం పాడలేదు, జన్మ వృథా చేసుకున్నావు! చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి అది వస్తే ఎలా ఉంటుంది? అమ్మమ్మ మొహం మాడిపోతుంది. కానీ ఇది శకునం కాదు. పిల్ల భవిష్యత్తు చెప్పడం లేదు. శ్రీరామ ప్రశ్న లాగా గడిలో వేలు పెట్టి ఫలితం చూసుకోవడం కాదు. ఆ మాట వింటున్న మనందరికీ, పెద్దవాళ్లకి. పిల్ల తీసుకునేది అందులోంచి ఒక్క 'గ' మాత్రమే. గుర్‌ప్రీత్ అని పెట్టుకోండి, గగన్‌దీప్ అని పెట్టుకోండి. మరి ఆ శబ్దం నచ్చలేదు, ఇంకోసారి తెరవండి అని అడిగినవాళ్లు ఉన్నారా? ఉన్నారు. నేను తెరవలేదు. ఆజ్ఞ అడిగి, నచ్చకపోతే ఇంకో ఆజ్ఞ అడిగితే అది ఆజ్ఞ అవుతుందా? దాన్ని బేరం అంటారు.

ఇప్పుడు పేరు ఎవరు పెడతారు? రెహత్ మర్యాదా ప్రకారం గ్రంథీ ఆ అక్షరంతో ఒక పేరు ప్రతిపాదిస్తాడు, సంగత్ ఒప్పుకుంటే ప్రకటిస్తాడు. ఒప్పుకుంటే అనే మాట చూశారా? అందుకే ముందే అన్నాను, గ్రంథీ పూజారి కాదు అని. ఈ రోజుల్లో ఎక్కువగా జరిగేది, గ్రంథీ అక్షరం చెప్తాడు, కుటుంబం అక్కడికక్కడ మాట్లాడుకుని పేరు చెప్తుంది. మా వాళ్లు మూడు అనుకున్నారు. జస్లీన్, జస్‌ప్రీత్, జప్‌జోత్. ఈ పేర్లన్నీ ముక్కలు కలిపి చేసినవే, గమనించారా? జస్ అంటే కీర్తి, లీన్ అంటే లీనమైన, ప్రీత్ ప్రేమ, జోత్ జ్యోతి. ముందు ముక్క అక్షరాన్ని బట్టి, వెనక ముక్క మన ఇష్టాన్ని బట్టి. ఆ మూడిట్లో ఏది పెట్టారో చెప్పను. మా కోడలు, పిల్ల పేరు అందరిలో చెప్పొద్దు మామయ్యా అని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే చెప్పింది.

జస్‌ప్రీత్ అబ్బాయి పేరు కదా, బౌలర్ కదా అంటున్నారు ఎవరో! ఆడపిల్లకీ అదే పేరు ఉంటుంది సార్. ముందు పేరులో ఆడా మగా తేడా చాలావాటికి లేదు. తర్వాత వచ్చే సింగ్, కౌర్ తోనే తెలుస్తుంది. అబ్బాయికి సింగ్, అమ్మాయికి కౌర్. పేరు ప్రకటించగానే ఒకాయన "బోలే సో నిహాల్" అంటారు, హాలంతా "సత్ శ్రీ అకాల్" అంటుంది. మా మనవరాలు ఆ అరుపుకి ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. ఆ తర్వాత అర్దాస్, అంటే ప్రార్థన, అంతా ఆ ఏడుపు మధ్యే నడిచింది.

అర్దాస్ కంటే ముందు ఆనంద్ సాహిబ్. మూడో గురువు అమర్‌దాస్ రచన, రామ్‌కలీ రాగం, మొత్తం 40 పౌడీలు. పౌడీ అంటే మెట్టు, చరణం అనుకోండి. ఇలాంటప్పుడు ఆరే చదువుతాం. మొదటి ఐదు, చివరిది. మొదలు ఎలా ఉంటుందంటే, "అనంద్ భయా మేరీ మాయే." అమ్మా, నాకు ఆనందం కలిగింది, సద్గురువు దొరికాడు. ఇది పెళ్లిలోనూ చదువుతాం, చావులోనూ చదువుతాం. కానీ చంటిపిల్ల ఉన్న హాల్లో ఆ 'అమ్మా' అనే పిలుపు వేరేగా వినిపిస్తుంది, నాకైతే.

తర్వాత అర్దాస్. అందరూ లేచి చేతులు జోడించి నిలబడతారు. ముందు పది మంది గురువుల్ని తలుచుకుంటాం, ప్రాణాలిచ్చినవాళ్లని తలుచుకుంటాం. తర్వాత ఆ రోజు విషయం. ఈ పిల్లకి ఈ పేరు వచ్చింది, ఆయుష్షు ఇవ్వు, నీ నామం ఇవ్వు అని మామూలు మాటల్లో. ముగింపు మాత్రం ఎప్పుడూ ఒకటే, "తేరే భాణే సర్బత్ దా భలా." నీ ఇష్టప్రకారం అందరికీ మేలు జరగాలి. మా పిల్లకి అని మొదలుపెట్టి అందరికీ అని ముగిస్తాం. కొన్ని గురుద్వారాల్లో ఈ వరస మారుతుంది. ముందు అర్దాస్ చేసి అక్షరం అడుగుతారు, తర్వాత హుకమ్ తీస్తారు. మీరు వెళ్లినచోట అలా కనిపిస్తే ఈయన తప్పు చెప్పాడు అనుకోకండి.

ఇక మీరందరూ ఎదురుచూస్తున్నది. కడాహ్ ప్రసాద్.

గోధుమపిండి, నెయ్యి, పంచదార. మూడూ సమానం. కప్పుతో కాదు, తూకంతో సమానం. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఒకే కప్పుతో కొలిస్తే పంచదార బరువెక్కువ, పిండి తక్కువ తూగుతుంది. అప్పుడు తీపి ముందుకొచ్చేస్తుంది. యాభై మందికి అరకిలో పిండి, అరకిలో నెయ్యి, అరకిలో పంచదార, లీటరున్నర నీళ్లు. పిండి కొంచెం గరుకుగా ఉండాలి. ఒక పొయ్యి మీద పంచదార నీళ్లు మరుగుతుండాలి. ఇంకో పొయ్యి మీద కడాయిలో నెయ్యి, పిండి వేసి సన్నసెగ మీద కలుపుతూనే ఉండాలి. పిండి రంగు మారి, కమ్మటి వాసన వచ్చి, గట్టిగా ఉన్న పిండి కాస్తా వదులై గరిటె నుంచి జారుతుంది. అదే గుర్తు. తొందరపడి ముందే నీళ్లు పోస్తే పచ్చివాసన, మైదా జిగురు. ఎక్కువ వేగితే చేదు. నీళ్లు చల్లగా ఉంటే ఉండలు. మరిగే నీళ్లు పోసేటప్పుడు దూరంగా నిలబడండి, అది పైకి ఎగుస్తుంది. నా చేతి మీద మచ్చ ఉంది చూడండి. తర్వాత నెయ్యి అంచుల్లో మళ్లీ బయటికి వచ్చేదాకా కలపాలి. యాలకులు, జీడిపప్పు, కిస్‌మిస్ ఏమీ వేయం. చేసినంతసేపూ బాణీ, అంటే గురువుల రచనలు, చదువుతుంటాం.

శుభ్రమైన బట్ట కప్పి గ్రంథం దగ్గర పెడతాం. అర్దాస్ సమయంలో కిర్పాణ్ అనే కత్తితో తాకిస్తారు. పంజ్ ప్యారే అంటే గురువుకి ప్రియమైన ఐదుగురు, ముందుగా వాళ్ల పేరున ఐదు భాగాలు తీస్తారు. తర్వాత గ్రంథం దగ్గర కూర్చున్న సేవాదారుకి చిన్న గిన్నెలో. ఆ తర్వాత అందరికీ, వరసగా, ఎవరు ముందు ఎవరు వెనక అని లేదు. కింద కూర్చుని రెండు చేతులూ దోసిలి పట్టాలి. షుగర్ ఉన్నవాళ్లు "థోడా" అనండి, శనగగింజంత పెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు. దోసిట్లో నెయ్యి మిగులుతుంది. దాన్ని కర్చీఫ్‌కి తుడవరు, పెద్దవాళ్లు చేతులకీ గడ్డానికీ రాసుకుంటారు. మనవరాలి రోజున నేనూ అదే చేశాను, కోడలు చూసి నవ్వింది. లడ్డూ డబ్బాలు పంచడం అంతా తర్వాత, బయట. అది సంతోషం కొద్దీ పంచుకునే స్వీటు, ప్రసాదం కాదు.

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. గుమ్మం పక్కన బల్ల మీద స్టీలు గిన్నె చూసే ఉంటారు. పొద్దున నేనూ మా ఆవిడా చేశాం. అదే పిండి, అదే నెయ్యి, అదే తూకం. కానీ ఇక్కడ గ్రంథం లేదు, అర్దాస్ జరగలేదు. కాబట్టి అది కడాహ్ ప్రసాద్ కాదు, హల్వా. నిలబడి తిన్నా ఫరవాలేదు, ఇంకొంచెం అని అడిగినా ఫరవాలేదు. స్పూన్లు మాత్రం తేలేదు. వెళ్లి చేతులు కడుక్కుని రండి.